వైశాఖ పున్నమికి ఒక నిశ్శబ్ద షార్ట్: రాత నుంచి అప్‌లోడ్ వరకు

వైశాఖ పున్నమి దగ్గర పడిందంటే పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతారు. బుద్ధుని విగ్రహం, చంద్రుడు, వేణువు, ఒక సూక్తి కలిపి వీడియో చేస్తే చూసినవారికి ప్రశాంతత ఎందుకు కలగడం లేదన్నది ఆ ప్రశ్న. ఈ నాలుగింటినీ ఒకచోట పేర్చడంలోనే లోపముంది. ఎరుకతో జీవించడం గురించి చెప్పదలిస్తే ఎవరో ఒకరు ఒక చిన్న పనిని ఎరుకతో చేస్తుండగా చూపించాలి. మిగతా దృశ్యాలన్నీ ఆ పనికి తోడు మాత్రమే కావాలి.

అందుకే ఇక్కడ ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను. నిడివి 52 సెకన్లు. పని, కుండలోని నీళ్లు ముంచుకుని తాగడం. చోటు, విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే తీరం దారిలోని తొట్లకొండ, దాని కింది సముద్రతీరం, ఒక మామూలు ఇంటి వంటగది. పనికి మామూలు ఫోను, ఒక ట్రైపాడ్ చాలు.

## 1. ముందుగా తేల్చుకోవలసినవి

మొదట తేదీ చూసుకోవాలి. 2026లో మన దేశంలో బుద్ధ పూర్ణిమ మే 1న వచ్చింది. పున్నమి తిథి తరచుగా రెండు తేదీల మీదుగా నడుస్తుంది కాబట్టి ఏ రోజు సెలవు, ఏ సాయంత్రం చంద్రోదయం అనేవి విడివిడిగా చూసుకోవాలి. అధిక మాసం వచ్చిన ఏడాది కొన్ని బౌద్ధ దేశాలలో ఈ పండుగ మనకంటే నెల తేడాతో రావచ్చు. విదేశాలలో ఉన్న తెలుగువారు తమ దగ్గరి విహారం ఏ తేదీని పాటిస్తుందో కనుక్కున్న తరువాతే వీడియోలో తేదీ వేయాలి.

తరువాత ఏ పున్నమికి ఏ విషయమో తెలిసి ఉండాలి. శ్రీలంక, బర్మా వంటి దేశాలు పాటించే థేరవాద సంప్రదాయం బుద్ధుని జననం, సంబోధి అనే జ్ఞానోదయం, పరినిర్వాణం మూడింటినీ వైశాఖ పున్నమికే చెబుతుంది. సారనాథ్‌లోని మొదటి ఉపదేశం ఆషాఢ పున్నమికి చెందినది. కుడిచేతి వేళ్లు నేలను తాకే భూమిస్పర్శ ముద్ర సంబోధికి గుర్తు కాబట్టి వైశాఖానికి సరిపోతుంది. రెండు చేతులూ ఛాతీ దగ్గర చక్రం తిప్పుతున్నట్టు ఉండే ధర్మచక్ర ముద్ర ఆషాఢానికి తగినది. పొట్టతో నవ్వుతూ కనిపించే లావుపాటి బొమ్మ గౌతమ బుద్ధుడిది కాదు. అది చైనా సంప్రదాయంలోని బుదాయ్ అనే సన్యాసిది.

నా మట్టుకు విగ్రహం లేకపోవడమే మేలనిపిస్తుంది. అమరావతి తొలినాటి శిల్పాలలోనే బుద్ధుని రూపానికి బదులు ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం చెక్కారు. అలా సూచించి వదిలే పద్ధతి ఈ రకం వీడియోకు బాగా నప్పుతుంది.

## 2. మాట రాయడం

చిత్రీకరణకు ముందే మాట రాసి, గొంతు రికార్డు చేసి, దాని నిడివికి తగినట్టు దృశ్యాలు తీయాలి. ముందు దృశ్యాలు తీసి తరువాత మాట అతికించేవారు ఖాళీ కనిపించిన ప్రతిచోటా మాట నింపుతారు, దానితో నిశ్శబ్దానికి చోటుండదు.

ఈ 52 సెకన్లలో మాట్లాడేది అరవై మాటల లోపే ఉండాలి. మామూలు వేగంతో చదివితే ఇవి అర నిమిషంలో అయిపోతాయి. మిగిలిన సమయమంతా నీళ్ల చప్పుడుకు, అలల చప్పుడుకు వదలాలి.

ఏం రాయాలన్న దానికి మజ్ఝిమనికాయం అనే పాళీ సంకలనంలో ఎరుక గురించి బుద్ధుడు చేసిన ఉపదేశం, సతిపట్ఠాన సుత్తం, ఒక వరుసను చూపిస్తుంది. ముందు శరీరం చేస్తున్న పనిని, తరువాత కలిగిన వేదనను, అంటే సుఖమో దుఃఖమో రెండూ కానిదో అయిన అనుభూతిని, ఆ తరువాత మనసు ఉన్న స్థితిని గమనించమని అది చెబుతుంది. నాలుగవదైన ధమ్మానుపస్సనను, అంటే బుద్ధుడు చెప్పిన ధర్మాలను గమనించడాన్ని, ఇంత చిన్న వీడియోలోకి తెస్తే పాఠం చెప్పినట్టవుతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఆ వరుసలో రాసిన మాట ఇది:

> వేసవి సాయంత్రం. దాహంగా ఉంది.
> (రెండు సెకన్లు ఆగాలి)
> కుండ మూత తీస్తున్నాను. తీస్తున్నానని తెలుస్తోంది.
> నీళ్లు చెంబులోకి దిగుతున్నాయి. ఆ చప్పుడు వింటున్నాను.
> (నాలుగు సెకన్లు)
> చేతికి చల్లగా తగులుతోంది. ఆ చల్లదనం బాగుంది. బాగుందనిపించడం కూడా తెలుస్తోంది.
> (మూడు సెకన్లు)
> మనసు రేపటి పని మీదికి వెళ్లింది. వెళ్లిందని గమనించాను. మళ్లీ నీళ్ల దగ్గరికి వచ్చాను.
> (తొమ్మిది సెకన్లు)
> ఇవాళ వైశాఖ పున్నమి.
> అప్పమాదేన సంపాదేథ.
> ఏమరుపాటు లేకుండా సాధించండి. ఇది బుద్ధుని చివరి మాట.

దీనిలో వినేవారికి చేసిన ఉపదేశం చివరి పాళీ వాక్యం ఒక్కటే. మిగిలిన వాక్యాలన్నీ జరుగుతున్న పనిని చెబుతాయి. "మనం ప్రతి క్షణాన్ని ఆస్వాదించాలి" వంటి వాక్యం ఒక్కటి చొరబడినా స్వరం మారిపోయి, చూసేవారు శ్రోతల వరుసలో కూర్చున్నట్టవుతుంది. మనసు పక్కకు పోయిందన్న వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకూడదు. అది లేకపోతే ఎరుక అంటే చెదరని ఏకాగ్రత అనే అపోహ మిగిలిపోతుంది.

సూక్తుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. బుద్ధుని పేరుతో తిరిగే వాక్యాలలో చాలావాటికి ఏ సుత్తంలోనూ ఆధారం దొరకదు. పాళీ మూలం, గ్రంథం పేరు రెండూ తెలిస్తేనే సూక్తిని వాడాలి. పైన వాడినది దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తం నుంచి తీసుకున్నది. దానికి ముందు "వయధమ్మా సంఖారా", అంటే ఏర్పడినవన్నీ నశించే స్వభావం కలవి, అనే మాట ఉంటుంది. పరినిర్వాణం కూడా ఈ పున్నమిదే కాబట్టి ఆ చివరి మాట ఇక్కడ సహజంగా ఇముడుతుంది. "సంపాదేథ"లో చివరి అక్షరం ఒత్తు థ అని గుర్తుంచుకుని పలకాలి.

## 3. గొంతు రికార్డు చేయడం

తెల్లవారుజామున, వీధి లేవకముందు రికార్డు చేయడం మంచిది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. మే నెలలో ఫ్యాను ఆపి మధ్యాహ్నం కూర్చుంటే చదివే తొందర గొంతులోనే వినిపిస్తుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చుంటే గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది.

ఫోనును నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు పెట్టాలి. ఎదురుగా పెడితే "ప", "భ" అన్నప్పుడల్లా గాలి మైకుకు కొట్టి టప్పుమంటుంది. పక్కన ఒకరు కూర్చుంటే వారితో మాట్లాడే స్థాయిలోనే చదవాలి. గుసగుసగా చదివితే ప్రశాంతంగా ఉంటుందని అనుకుంటారు గానీ, ఫోను స్పీకరులో అది ఊపిరి చప్పుడుగానే మిగులుతుంది.

చదవడం ముగిశాక కదలకుండా మరో నిమిషం పాటు ఖాళీ గదిని రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో వాక్యాల మధ్య విరామాలను ఈ గది నిశ్శబ్దంతోనే నింపాలి. అక్కడ శబ్దాన్ని పూర్తిగా కత్తిరిస్తే మాట ఆగిన ప్రతిసారీ ఫోను పాడైనట్టు అనిపిస్తుంది.

## 4. ఇంట్లో తీయవలసిన దృశ్యాలు

ఫోనును నిలువుగా పెట్టి, 1080 వెడల్పు, 1920 ఎత్తు పిక్సెళ్లతో, సెకనుకు 25 ఫ్రేములకు అమర్చుకోవాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే ఎల్ఈడీ దీపాల కింద చారలు, మినుకు చాలావరకు రావు. అమెరికాలో తీసేవారు 30 ఫ్రేములు, 1/60 వాడాలి. ఫోను కెమెరాలో ప్రో మోడ్ ఉంటే ఇవన్నీ అందులో దొరుకుతాయి.

కుండను కిటికీకి పక్కగా పెట్టి, దాని వెనుక ముదురు రంగు గుడ్డో నీడగా ఉన్న గోడో ఉండేలా చూసుకోవాలి. వెలుతురు వెనుక పక్క నుంచి పడినప్పుడే నీటిధార మెరుస్తుంది, ముందు నుంచి పడితే ధార కనిపించకుండా పోతుంది. ఆటో మోడ్‌లో ఫోను పగటి వెలుతురుకు షట్టరును చాలా వేగంగా పెట్టేస్తుంది, అప్పుడు ధార పూసలు తెగినట్టు అదురుతూ కనిపిస్తుంది. షట్టరు 1/50కి తెచ్చి, వెలుతురు ఎక్కువైతే కిటికీకి పలుచని తెర వేయాలి.

స్లో మోషన్ వద్దు. నీళ్లు అసలు వేగంతో దిగుతుంటే వినడమే ఇక్కడి విషయం కాబట్టి వేగం మారిస్తే చప్పుడుకూ దృశ్యానికీ పొత్తు కుదరదు.

చల్లదనం చూపించడానికి చెంబు మీద నీళ్లు చిలకరించి చెమట పట్టినట్టు చేయడం చాలామందికి అలవాటు. కుండ నీళ్లు ఆవిరి వల్ల చల్లబడతాయి గనుక గాలిలోని తేమ చెంబు మీద బిందువులు కట్టేంత చల్లగా అవి ఎప్పుడూ కావు. కుండ కింది భాగాన తడి ఊరి నల్లబడిన మట్టిని దగ్గరగా తీస్తే చాలు, వేసవిలో కుండ నీళ్లు తాగి పెరిగినవారికి ఆ చల్లదనం వెంటనే తెలుస్తుంది.

ప్రతి దృశ్యాన్ని అవసరమైన దానికి రెండింతలు, అంటే పదిహేను సెకన్లు తీయాలి. ముఖం చూపనవసరం లేదు, చేతులు చాలు. నీళ్ల చప్పుడును మాత్రం విడిగా, ఫోనును చెంబు పక్కన పెట్టి, మరోసారి రికార్డు చేయాలి.

## 5. తొట్లకొండ మీద

నీళ్ల గురించిన వీడియోకు ఈ కొండను ఎంచుకోవడానికి కారణముంది. ఇక్కడి భిక్షువులు వాననీటిని నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలలో ఇక్కడ స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు బయటపడ్డాయి.

ఇక్కడ ఒకే దృశ్యం కావాలి: రాతి తొట్టి అంచు, దాని వెనుక ఆకాశం, కదలని కెమెరా. ఎండ వాలాక రాతి మీద నీడలు పొడవుగా పడే వేళ దీనికి అనువుగా ఉంటుంది. కట్టడాల మీదికి ఎక్కకూడదు, ఇటుకల మీద దీపాలు పెట్టకూడదు. మూసే వేళను, ట్రైపాడ్‌కు అనుమతి అవసరమా అన్నదాన్ని గేటు దగ్గర ముందుగానే అడగాలి. ట్రైపాడ్ కుదరకపోతే ఒక చిన్న సంచిలో బియ్యం పోసి దాని మీద ఫోను ఆనించవచ్చు. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కాబట్టి డ్రోను ఆలోచన మానుకోవడమే మంచిది.

## 6. చంద్రుడు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. చీకటి పడ్డాక ఫోను ఎత్తి తీస్తే నల్లటి ఆకాశంలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. చంద్రుడు ఎండలో ఉన్న బండరాయి వంటివాడు, అంత ప్రకాశానికీ చీకటి సముద్రానికీ ఒకే ఫ్రేములో వెలుతురు కుదరదు. ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉన్న సంధ్యవేళలోనే రెండూ కుదురుతాయి.

పున్నమి నాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయ వేళకే ఉదయిస్తాడు. సముద్రం మీది మసక వల్ల మొదటి కొన్ని నిమిషాలు అసలు కనిపించకపోవచ్చు, కనిపించినా ఎర్రగా మందంగా ఉంటాడు. అస్తమయం తరువాత పదిహేను, ఇరవై నిమిషాల ప్రాంతం మంచి సమయం. ముందు రోజైన చతుర్దశి నాడు చంద్రోదయం దాదాపు ముప్పావుగంట ముందే జరుగుతుంది కాబట్టి ఆకాశం గులాబీ రంగులో ఉండగానే చంద్రుడు కొంత ఎత్తుకు వచ్చి ఉంటాడు. ఆ రోజు బింబం పూర్తిగా నిండకపోయినా కంటికి ఆ లోటు తెలియదు. రెండు సాయంత్రాలూ తీసి బాగున్నది వాడుకోవాలి.

దిక్కు కూడా ముందే చూసుకోవాలి. పున్నమి చంద్రుడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు. మే నెలలో సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు కాబట్టి చంద్రుడు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయం వైపు జరిగి లేస్తాడు. విశాఖ తీరం అటే చూస్తుంది గనుక సముద్రంలోంచే పైకి వస్తాడు.

పరిమాణం మీద ఆశ పెట్టుకోకూడదు. ఫోను ప్రధాన కెమెరాలో, 1080 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రంలో, పున్నమి చంద్రుడు పన్నెండు పిక్సెళ్లకు కొంచెం అటూఇటూగా ఉంటాడు. మూడింతల జూమ్ లెన్సు ఉంటే ముప్పై అయిదు దాకా వస్తాడు. ఆపైన వేళ్లతో జూమ్ చేస్తే అలుక్కుపోతాడు. చిన్న చంద్రుణ్ని చిన్నగానే ఉంచి, కింద ఒక పడవనో బండనో నీడగా పెట్టడం మేలు.

చంద్రుని మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసు, వెలుతురు తాళం పడతాయి. తరువాత వెలుతురు గీతను కిందికి జరపాలి. అంచు స్పష్టంగా కనిపించేసరికి ఆపాలి. చంద్రుడు తన వెడల్పంత దూరం కదలడానికి రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి పది సెకన్ల దృశ్యంలో నిలిచినట్టే ఉంటాడు. అదిరినట్టు కనిపిస్తే ఆ తప్పు ట్రైపాడ్‌ది.

మబ్బు పడితే చంద్రుడి పాత దృశ్యాన్ని ఎక్కడినుంచో తెచ్చి అతికించవద్దు. మబ్బు అంచున వెలుతురు, చీకటి పడుతున్న సముద్రం సరిపోతాయి.

## 7. కూర్పు

- 0 నుంచి 5: రాతి తొట్టి. నీళ్ల చప్పుడు మొదటి క్షణం నుంచే వినిపించాలి.
- 5 నుంచి 12: చేయి కుండ మూత తీయడం.
- 12 నుంచి 20: చెంబులోకి నీటిధార.
- 20 నుంచి 27: తడి ఊరిన కుండ, దాన్ని తాకిన వేళ్లు.
- 27 నుంచి 34: కిటికీ బయట వెళ్లే ద్విచక్ర వాహనం, మళ్లీ చెంబు. మనసు వెళ్లి రావడం ఇక్కడే.
- 34 నుంచి 43: తాగడం, ఖాళీ చెంబు కింద పెట్టడం. మాట లేదు.
- 43 నుంచి 52: సముద్రం మీద చంద్రుడు, పాళీ వాక్యం.

చంద్రుడు ఒక్కసారే రావాలి. మొదట్లోనే చూపిస్తే పండుగ శుభాకాంక్షల వీడియో అనుకుని వేలు పైకి జరిపేస్తారు. దృశ్యాల మధ్య నేరుగా కత్తిరించడమే తప్ప కరిగిపోయే మార్పులు వద్దు.

సంగీతం లేకుండా ముందు చూడండి. ఎక్కడైనా వెలితిగా ఉంటే అక్కడ దృశ్యం బలహీనంగా ఉందన్నమాట, దాన్ని మార్చాలి. ఇతరుల పాళీ పారాయణ రికార్డులకు హక్కుదారులు ఉంటారు, అనుమతి లేకుండా వాడితే వీడియో నిలిచిపోవచ్చు. సముద్రపు హోరును కూడా ఫోను స్పీకరులో విని చూడాలి. చిన్న స్పీకరు మంద్ర స్వరాలను పలికించలేదు కాబట్టి హెడ్‌ఫోన్లలో గంభీరంగా ఉన్న అలలు అక్కడ బుస్సుమనే మోతగా మారతాయి. ఆ హోరును గొంతు కింద బాగా తగ్గించాలి.

## 8. తెలుగు అక్షరాలు

మాటను తెర మీద కూడా వేయడానికి నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు వాడాలి. పాత అను ఫాంట్లలో టైపు చేసినదాన్ని ఎడిటింగ్ యాప్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. కొన్ని యాప్‌లు యూనికోడ్‌ను కూడా విరిచేసి ఒత్తులను విడిగా పెడతాయి. "అప్పమాదేన", "తెలుస్తోంది" అని టైపు చేసి ప్ప, స్తో సరిగా వచ్చాయో లేదో చూస్తే ఆ యాప్ సంగతి తేలిపోతుంది. రాకపోతే అక్షరాలను వేరేచోట బొమ్మగా తయారు చేసుకుని తెచ్చి పెట్టాలి.

ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఒకేసారి రెండు వరుసలు మించకూడదు. తెర కింది అయిదవ వంతు, కుడి అంచు బటన్ల కిందికి పోతాయి, అక్కడ ఏమీ రాయకూడదు.

## 9. తరచుగా వచ్చే లోపాలు, మందు

సంధ్యాకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే అది కుదింపు వల్ల వచ్చిన లోపం. ఎడిటింగ్‌లో అతి కొద్దిగా గ్రెయిన్, అంటే సన్నని ఇసుక వంటి నలుసు, చేర్చి, ఎక్కువ బిట్‌రేట్‌తో ఎగుమతి చేస్తే తగ్గుతుంది.

వీడియో ముగిసి మళ్లీ మొదలయ్యేచోట టక్కుమన్న చప్పుడు వస్తే, చివరి అర సెకను శబ్దాన్ని నెమ్మదిగా సున్నాకు తేవాలి.

దృశ్యం మధ్యలో వెలుతురు దానంతట అదే పెరిగి తగ్గుతుంటే ఎక్స్‌పోజరుకు తాళం వేయలేదని అర్థం. ఎడిటింగ్‌లో దీనికి మంచి మందు లేదు, మళ్లీ తీయాలి.

అంతా సరిగా ఉన్నా నెమ్మదిగా లేదనిపిస్తే దృశ్యాలను పొడిగించవద్దు. మాటలో ఒక వాక్యం తీసేసి చూడండి. "ఆ చప్పుడు వింటున్నాను" అన్నది ముందుగా వదులుకోదగినది, ఎందుకంటే చప్పుడు ఎలాగూ వినిపిస్తోంది.

## 10. అప్‌లోడ్‌కు ముందు

- లెన్సు మీద వేలిముద్ర వల్ల చంద్రుని చుట్టూ పొగ వలయం రాలేదు.
- పాళీ వాక్యం, దాని అర్థం, సుత్తం పేరు వివరణలో ఉన్నాయి.
- శబ్దం పూర్తిగా ఆపి చూసినా విషయం అర్థమవుతోంది.
- కళ్లు మూసుకుని విన్నా అర్థమవుతోంది.
- చిన్న ఫోనులో, పగటి వెలుతురులో అక్షరాలు చదవగలుగుతున్నాము.
- పేరులో "వైశాఖ పున్నమి" ఉంది, "తప్పక చూడండి" లేదు.

చతుర్దశి రాత్రికే అప్‌లోడ్ చేసి, పున్నమి తెల్లవారుజామున వెలువడేలా షెడ్యూలు పెట్టుకోవచ్చు. పున్నమి సాయంత్రపు చంద్రుణ్నే వాడదలిచినవారు ఆ దృశ్యానికి ఎడిటింగ్‌లో ఖాళీ ఉంచి, మిగతా 43 సెకన్లు ముందే పూర్తి చేసుకుంటే తీరం నుంచి తిరిగి వచ్చిన గంటలో పని ముగుస్తుంది.